కుండలో కాదు, కంచంలో తేడా

"మా ఆయన కొవ్వు తగ్గాలి, పిల్లలేమో మామూలుగా తినాలి. రోజూ రెండు వంటలు చేయలేకపోతున్నానండీ."

వంట ఒకటే చేయండి. ఒక టేబుల్ స్పూన్ నూనెలో సుమారు 120 కేలరీలుంటాయి, అందుకే అంత నూనె కుండలోకి వెళ్లకూడదు. మా ఇంట్లో నలుగురికి కప్పు కందిపప్పు, మూడు కప్పుల సొరకాయ ముక్కలు ఉడికించి, ఒక్క టీ స్పూన్ నూనెతో తాలింపు పెడతాను. పిల్లలు అన్నంలో నెయ్యి వేసుకుంటారు, అప్పడాలూ వాళ్లకే. మా ఆయనకు ముందు పప్పు రెండు గరిటెలు, తర్వాత కప్పు కొలిచి అన్నం. మొదట్లో పప్పు కూడా తగ్గించాను, అదే పొరపాటు. సాయంత్రం ఐదింటికల్లా ఆకలేసి జంతికల డబ్బా తీసేవారు. ఇప్పుడు పప్పు పెంచి అన్నమే తగ్గించాను, రాత్రి భోజనం దాకా ఆగుతున్నారు.