బ్యారేజీ వద్ద ఏం జరిగిందంటే..?

తెలుగు వార్తా సైట్లలో శీర్షిక పెట్టేవారు ప్రాణప్రదంగా పాటించే నియమం ఒకటుంది. వార్తను శీర్షికలో చెప్పరాదు. చెబితే పాఠకుడు సంగతి తెలుసుకుని తన పనికి పోతాడు. అంతకన్నా పత్రికా ద్రోహం ఉంటుందా?

2024 సెప్టెంబరు 2న విజయవాడ ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు కిందికి వెళ్లింది. బ్యారేజీ చరిత్రలోనే అంత వరద లేదు. ఇంతటి వార్త వెబ్ డెస్కు చేతిలో పడితే ఏమవుతుందో ఊహించుకోండి. కొత్తగా చేరిన సబ్ ఎడిటర్ అమాయకంగా "ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల విడుదల" అని రాస్తాడు. సీనియర్ నొచ్చుకుంటాడు. "అంకె ఇక్కడే చెప్పేస్తే లోపలికి ఎవరొస్తారయ్యా?" అంకె స్థానంలో "ఊహించని పరిణామం" వస్తుంది. సెర్చ్ శాస్త్రంలో ఆరితేరిన మూడో ఆయన ముందు భాగాన "Prakasam Barrage Floods:" అని తగిలిస్తాడు. జనం ఇంగ్లిషు అక్షరాల్లో వెతుకుతారట. వెతుకుతారు, కాదనను, కానీ ఆ మాటలు వార్త లింకులో ఎలాగూ ఉన్నాయి కదా! నాలుగో ఆయన "బిగ్ అలర్ట్" అంటాడు, ఐదో ఆయన "ఏం జరిగిందంటే..?" అంటాడు. చివర ఒక నిలువు గీత గీసి సంస్థ పేరు రాస్తారు. పేజీ టెంప్లేటు అదే పేరును ఇంకోసారి తనంతట తానే చేరుస్తుంది.

ఇంత శ్రమా ఫోను తెరపై ఇలా ఫలిస్తుంది: "Prakasam Barrage Floods: బిగ్ అలర్ట్.. ప్రకాశం బ్యారేజీ వద్ద ఊహించని..." తెర అయిపోయింది. బ్యారేజీ పేరు రెండు లిపుల్లో దక్కింది, నీటి సంగతి దక్కలేదు. సంస్థ పేరు కూడా తెగిపోయిందని యాజమాన్యం దిగులు పడనక్కర్లేదు. 2022 నుంచి గూగుల్ సైటు పేరును, గుర్తును ఫలితం పైభాగాన విడిగా చూపిస్తూనే ఉంది.

శీర్షిక కింద వచ్చే ఉపశీర్షికలోనైనా సంగతి ఉంటుందనుకుంటే మీరు మరీ ఆశావాదులు. అది శీర్షికనే మళ్లీ చెబుతుంది, కాకపోతే ముందు "ఫలానా డాట్ కామ్, వెబ్ డెస్క్:" అని ఉంటుంది. అచ్చు పత్రికలో ఆ చోట డేట్‌లైన్ ఉండేది. విలేకరి ఏ ఊళ్లో నిలబడి రాశాడో, ఏ రోజు రాశాడో అది చెప్పేది. వెబ్ డెస్క్ అనే ఊరు ఏ జిల్లాలో ఉందో, దానికి వరద ముప్పు ఉందో లేదో రెవెన్యూ శాఖే తేల్చాలి.

డేట్‌లైన్ పెట్టే బుద్ధిమంతులూ ఉన్నారు. "విజయవాడ, సెప్టెంబరు 2" అని రాస్తారు. సంవత్సరం రాయరు. అచ్చులో అవసరం లేదు, పేజీ పైన తేదీ ఉంటుంది, మర్నాటికి ఆ కాగితం పకోడీల కింద ఉంటుంది. సెర్చ్‌లో ఆ వార్త చావదు. మరుసటి ఏడాది వానలకు అదే సెప్టెంబరు 2తో లేచి వస్తుంది. పైగా డెస్కులో ఎవరో ఒక కామా సవరించి దానికి కొత్త జీవం పోస్తారు. వార్త పేజీ కోడ్‌లో సెర్చ్ ఇంజిన్ చదివే తేదీలు రెండు:

```
"datePublished": "2024-09-02T21:40:00+05:30",
"dateModified": "2024-09-02T22:15:00+05:30"
```

మొదటిది వార్త పుట్టిన వేళ, రెండోది అందులో విషయం నిజంగా మారిన వేళ. కామా కోసం రెండోదాన్ని జరిపితే పాత వరద ఈనాటిదై కూర్చుంటుంది. చివరి +05:30 మన కాలమానం. అది వదిలేస్తే గూగుల్, పేజీలు తిరిగి చదివే తన క్రాలర్ గడియారాన్ని పట్టుకుంటుంది. అది కాలిఫోర్నియా గడియారమైతే, రాత్రి 9:40 వార్త మన లెక్కలో మర్నాడు ఉదయం 10:10కి పుట్టినట్టు. ఇంకా జరగని వరదకు హెచ్చరిక అన్నమాట!

నవ్వొస్తోందా? నాకు రావడం లేదు. బ్యారేజీ దిగువన లంక గ్రామంలో ఒక తల్లి అర్ధరాత్రి ఫోనులో వెతుకుతుంది. ఆమెకు కావలసింది ఒక్కటే: నీళ్లు ఇప్పుడు వస్తున్నాయా, పిల్లలను లేపి గేదెల తాళ్లు విప్పాలా? ఆమెకు మీరు "ఏం జరిగిందంటే" అని పొడుపుకథ వేస్తారా? నిరుటి నీళ్లను ఇవాళ్టి తేదీతో చూపించి పరుగెత్తిస్తారా? రెండుసార్లు అలా పరుగెత్తిన మనిషి మూడోసారి మంచం దిగదు. అప్పుడు నిజంగానే నీళ్లు వస్తే, ఆ మర్నాడు మీరు పెట్టబోయే శీర్షిక కూడా నాకు తెలుసు. దాని ముందు "షాకింగ్" అని ఉంటుంది.

ఆ కొత్త కుర్రాడు రాసిన మొదటి వాక్యంలో అన్నీ ఉన్నాయి. దాని కింద "విజయవాడ, 2024 సెప్టెంబరు 2, రాత్రి 9:40: లంక గ్రామాల వారు ఖాళీ చేయాలని అధికారుల సూచన" అని ఒక్క ముక్క చేర్చి వదిలేస్తే ఆ రాత్రికి సరిపోయేది. ఆ అబ్బాయి ఇప్పుడు "ఊహించని" ఎలా రాయాలో నేర్చుకుంటున్నాడట.