గొంతులో వెలక్కాయ పడ్డట్టుందంటే నవ్వకండి

మొన్నటి మన సంఘం వార్షికోత్సవంలో హెల్త్ సెషన్‌కు మీలో చాలామంది వచ్చారు కాబట్టి జరిగింది మీరూ చూసే ఉంటారు. ప్రశ్నల సమయంలో వెనక వరసలోంచి ఒక అక్కయ్య లేచారు. "నాలుగు నెలలుగా గొంతులో ఏదో అడ్డం ఉన్నట్టుంది డాక్టర్ గారూ, ఉమ్ము మింగిన ప్రతిసారీ తగులుతోంది" అన్నారు. వక్త చిరునవ్వుతో "ఏమీ లేదమ్మా, టెన్షన్ తగ్గించుకోండి, అదే పోతుంది" అని తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. హాల్లో నవ్వులు వినిపించాయి. ఆవిడ గొంతు మీద చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చుండిపోయారు. నేను రెండు కుర్చీల అవతలే ఉన్నాను. ఆ బాధ ఏమిటో ఏడు నెలలు పడి తెలుసుకున్న మనిషిని. అయినా లేచి ఒక్క మాట అనలేదు. అది నన్ను ఇంకా పొడుస్తూనే ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

నాకు మొదలైనప్పుడు అది నొప్పి కాదు. పచ్చి వెలక్కాయ గొంతులో పడ్డట్టు అంటాం కదా, అచ్చంగా అదే. అన్నం తింటుంటే ఏమీ ఉండేది కాదు, నీళ్లు హాయిగా దిగేవి. ఉత్త ఉమ్ము మింగితేనే అడ్డం. ఉందా పోయిందా అని మళ్లీ మింగి చూసుకునేదాన్ని. రోజుకు వందసార్లు సవరించుకునేదాన్ని గొంతు. మింగేకొద్దీ, సవరించేకొద్దీ ఇంకా పెరిగేది. రాత్రిళ్లు క్యాన్సరేమోనని భయం. చివరికి ఈఎన్‌టీ డాక్టర్ ముక్కులోంచి సన్నటి కెమెరా పెట్టి చూసి "అంతా శుభ్రంగా ఉంది" అన్నారు. ఆ రోజు ఎంత ఊరట పొందానో, వారం తిరిగేసరికి అంత నిస్పృహ. ఏమీ లేకపోతే మరి ఈ వెలక్కాయ ఎక్కడిది?

జవాబు ఒక ఫిజియోథెరపిస్ట్ గదిలో దొరికింది. ఆవిడ నా గొంతు ముట్టుకోలేదు. "ఇంట్లో ఫోన్ చూసేటప్పుడు ఎలా కూర్చుంటారో అలా కూర్చోండి" అన్నారు. కూర్చున్నాను. నడుము ఒంగి, తల ముందుకు వెళ్లి, గడ్డం పొడుచుకొచ్చింది. "అలాగే ఉండి ఒకసారి మింగండి" అన్నారు. కష్టంగా దిగింది. తర్వాత తల వెనక్కి తెచ్చి, గడ్డం కొంచెం దించి మింగమన్నారు. తేలిగ్గా దిగింది. మీరూ ఇప్పుడే చేసి చూడండి, చదవడం ఒక్క నిమిషం ఆపి. తేడా మీకే తెలుస్తుంది.

ఆ తర్వాత నాలుక బయటికి చాపమన్నారు. అంచుల వెంట పళ్ల అచ్చులు వరసగా పడి ఉన్నాయి. బుగ్గ లోపలివైపు పళ్లు కలిసే ఎత్తులో తెల్లటి గీత. "పగలంతా దవడ బిగించి ఉంచుతున్నారు, మీకు తెలియట్లేదు" అన్నారు. నమ్మలేదు. ఫోన్‌లో గంటగంటకూ అలారం పెట్టుకోమని, మోగినప్పుడు పళ్లు కలిసి ఉన్నాయో లేదో రాసుకోమని చెప్పారు. మొదటి రోజు పదకొండు సార్లలో తొమ్మిది సార్లు కలిసే ఉన్నాయి. మామూలుగా నోరు ఊరికే ఉన్నప్పుడు పెదాలు కలిసి ఉండాలి, పళ్ల మధ్య మాత్రం రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఉండాలట. పళ్లు కలవాల్సింది నమిలేటప్పుడూ మింగేటప్పుడూ మాత్రమే.

దవడకూ గొంతుకూ ఏమిటి సంబంధం అనిపిస్తుంది. గడ్డం కింద, గొంతు పైభాగంలో గుర్రపు లాడం ఆకారంలో చిన్న ఎముక ఒకటి ఉంటుంది. దాని పేరు హయాయిడ్. అది వేరే ఏ ఎముకతోనూ కీలు కలవదు. ఊయలలా కండరాల మీదే వేలాడుతుంది. పైనుంచి దవడ, నాలుక, చెవి వెనక పుర్రె అడుగు భాగం దాన్ని పట్టుకుంటాయి. కింద నుంచి రొమ్ము ఎముకా, భుజం రెక్కా లాగుతాయి. స్వరపేటిక దాని కిందే వేలాడుతుంది. మింగిన ప్రతిసారీ ఈ మొత్తం పైకీ ముందుకీ కదిలి మళ్లీ దిగాలి. మన తల బరువు నాలుగున్నర, ఐదు కిలోలు. ఆ బరువు ముందుకు జారి గడ్డం పొడుచుకొస్తే ఊయల తాళ్లు అన్ని వైపులా బిగుస్తాయి. పైగా పళ్లు బిగబట్టి, నాలుక అంగిలికి అదిమితే నోటి అడుగు కండరాలూ గట్టిపడతాయి. అప్పుడు మింగడమంటే బిగిసిన తాళ్లను లాగడమే. ఆ లాగుడే మనకు 'అడ్డం'గా తెలుస్తుంది. లోపల వస్తువు లేదు. బిగువు మాత్రం నిజంగానే ఉంది.

ఇక్కడ ఆ వక్తకు న్యాయం చెయ్యాలి. టెన్షన్ అన్నది ఆయన ఊరికే అన్న మాట కాదు. ఆందోళన దవడను బిగిస్తుంది, ఊపిరిని ఛాతీ పైభాగానికి ఎక్కిస్తుంది, గొంతు మీదే ధ్యాస నిలుపుతుంది. ఫోన్ మీదికి తల వంచే వాళ్లందరికీ ఈ బాధ రాదు కూడా. పొట్టలోని ఆమ్లం పైకి రావడం వల్ల, ముక్కు వెనక నుంచి కఫం కారడం వల్ల, థైరాయిడ్ ఉబ్బు వల్ల కూడా ఇలాంటిదే అనిపించవచ్చు. అందుకే ముందు డాక్టర్ చూడాల్సిందే. ముద్ద దిగకపోయినా, మింగితే నొప్పి వచ్చినా, మూడు వారాలు దాటి గొంతు బొంగురుగా ఉన్నా, మెడలో గడ్డ తగిలినా, ఒకవైపే చెవిపోటు వదలకపోయినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, ఉమ్ములో రక్తం పడినా వ్యాయామాలతో కాలం గడపకూడదు. పొగాకు అలవాటు ఉన్నవాళ్లు అసలే ఆగకూడదు. కానీ పరీక్షలన్నీ బాగున్నాక "ఏమీ లేదు" అని పంపేయడం సగం వైద్యమే. మిగతా సగం చేతికి ఇవ్వాలి.

నాకు ఇచ్చినవి మూడు. మొదటిది దవడకు. 'ల' అనబోయి ఆగిపోతే నాలుక కొన పై చిగురు మీద ఎక్కడ ఆగుతుందో అక్కడే దాన్ని మెత్తగా ఉంచాలి. పెదాలు కలపాలి, పళ్లు విడదీయాలి, ముక్కుతో ఊపిరి తీయాలి. పగలంతా దవడకు విశ్రాంతి స్థానం ఇదే. నాలుక కొన అక్కడి నుంచి జారకుండా, అద్దంలో చూస్తూ, నోరు నిదానంగా తెరిచి మూయాలి. ఆరుసార్లు చొప్పున, రోజుకు ఆరు విడతలు. గడ్డం పక్కకు పోకుండా తిన్నగా దిగాలి. నాలుక జారిపోయిందంటే ఎక్కువ తెరిచినట్టు.

రెండోదే అసలైనది, చాలామంది తప్పు చేసేదీ దీన్నే. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, తల కింద మడతపెట్టిన పల్చటి తువ్వాలు పెట్టుకోవాలి. ఎవరో చెప్తున్నదానికి మౌనంగా "ఊఁ" కొట్టినట్టు తల కొద్దిగా ఆడించాలి. గడ్డం గొంతువైపు ఒక అంగుళం దిగుతుంది, అంతే. తల తువ్వాలు మీద నుంచి లేవకూడదు. ఐదు సెకన్లు ఉంచి వదలాలి. పదిసార్లు, పొద్దున్నా రాత్రీ. చేసేటప్పుడు ఒక చేతి వేళ్లు మెడ పక్కన ఆనించండి. చెవి వెనక నుంచి కాలర్ ఎముక దాకా తాడులాంటి కండరం ఒకటి దిగుతుంది. అది మెత్తగానే ఉంటే సరిగ్గా చేస్తున్నట్టు. గట్టిపడి పైకి తేలితే బలం ఎక్కువ పెడుతున్నారు, సగానికి తగ్గించండి. లోపల వెన్నుకు అంటుకుని ఉండే సన్నటి కండరాలు పని మానేసినప్పుడు ఈ పైతాళ్లే తలను మోస్తాయి. ఆ మోతను తిరిగి లోపలివాటికి అప్పగించడమే ఈ వ్యాయామం. నేను మొదటి వారం పంతంతో గట్టిగా చేశాను. గొంతు బిగువు ఇంకా పెరిగింది. తగ్గించాకే పట్టు దొరికింది.

మూడోది సాగదీత. కుర్చీలో కూర్చుని కుడిచేత్తో కుర్చీ అంచు పట్టుకుని, తల ఎడమ భుజం వైపు వంచి ముప్పై సెకన్లు, తర్వాత రెండోవైపు. చేత్తో తలను లాగొద్దు. మెడను గిరగిరా తిప్పొద్దు. గొంతు ముందు భాగాన్ని వేళ్లతో నొక్కి మర్దన చెయ్యొద్దు, అక్కడ మెదడుకు వెళ్లే రక్తనాళాలున్నాయి, కళ్లు తిరగవచ్చు. గొంతు సవరించుకోవాలనిపిస్తే ఒక గుక్క నీళ్లు తాగాలి.

లాప్‌టాప్‌ను పుస్తకాల దొంతర మీద కళ్ల ఎత్తుకు లేపి విడి కీబోర్డ్ పెట్టాను. ఫోన్ చూసేటప్పుడు మోచేయి దిండు మీద ఆనించి ఫోన్‌నే పైకి తెచ్చాను. దవడ రెండు వారాల్లో వదిలింది. గొంతుకు ఆరు వారాలు పట్టింది. పని ఒత్తిడి పెరిగిన వారం మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది.

మనలో ఒక అలవాటు ఉంది. ఏ కష్టమైనా పంటి బిగువున ఓర్చుకున్నవాళ్లను మెచ్చుకుంటాం. మా అమ్మ అలాగే బతికింది, నన్నూ అలాగే పెంచింది. ఆ ఓర్పు మీద నాకు గౌరవమే. కానీ ఆ మాట నా దవడ అక్షరాలా పాటించింది. పిల్లల్ని "నిటారుగా కూర్చో" అని గదమాయిస్తాం, వాళ్లు ఛాతీ విరిచి గడ్డం పైకెత్తుతారు. మెడ వెనక భాగం ఇంకా కుంచించుకుపోతుంది. చెప్పాల్సింది "గడ్డం కొంచెం దించు, పళ్లు వదులు" అని.

కమిటీ వారికి నా విన్నపం. వచ్చే సభలో హెల్త్ సెషన్‌కు ఇచ్చే గంటన్నరలో స్లైడ్లు కొన్ని తగ్గించి, ఇరవై నిమిషాలు నేల మీద చాపలు పరిచి ఒక ఫిజియోథెరపిస్ట్ చేత ఈ "ఊఁ" కొట్టడం దగ్గరుండి నేర్పించండి. అది చదివితే రాదు, వేళ్లు మెడ మీద పెట్టి చూపించాలి. చాపలు నేను తెస్తాను. ప్రశ్న అడిగినవాళ్లు కూర్చునేలోపు నవ్వు వినబడకుండా చూడండి.

ఆ అక్కయ్యకు మర్నాడు ఫోన్ చేశాను. అన్నం దిగుతోందా అని అడిగాను. దిగుతోందన్నారు. డాక్టర్ కెమెరా పెట్టి చూశారట, బాగానే ఉందన్నారట. రాత్రి కాల్స్ మంచం మీదే, లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకునే చేస్తారట. "ఇప్పుడు మీ పళ్లు కలిసి ఉన్నాయా అక్కా?" అన్నాను. కాసేపు మాట లేదు. "అయ్యో, గట్టిగా బిగించి ఉన్నాను" అన్నారు.