గేటు దాటితే సారు సారు కాదంట

మా నెల్లూరు ఆఫీసుల్లో ఒక గొప్ప సిద్ధాంతం చెలామణిలో ఉంది. దానికి నేను గేటు సిద్ధాంతం అని పేరు పెట్టాను. సాయంత్రం ఆరింటికి గేటు దాటాడంటే మేనేజరు మేనేజరు కాడు, మామూలు మనిషి. ఆ మామూలు మనిషి పార్టీలో ఏం వాగినా, ఎవరి భుజం మీద చెయ్యేసినా, అర్ధరాత్రి ఎవరికి ఏం మెసేజ్ పెట్టినా ఆఫీసుకు సంబంధం లేదు. ఇంత చక్కటి సిద్ధాంతానికి శాస్త్రీయ పునాది లేకపోవడం నన్ను బాధించింది. అందుకే ఈ ప్రయత్నం.

పరిశోధన కోసం రొయ్యల మేత కంపెనీ ఒకటి ఊహించుకుందాం. ఫిబ్రవరి 8, శనివారం. మైపాడు బీచ్‌కు ఔటింగ్. బస్సు కంపెనీ మాట్లాడిందే. చేపల పులుసు, రొయ్యల వేపుడు, డిక్కీలో సార్ల కోసం విడిగా ఒక పెట్టె. చీకటి పడినాక తిరుగు ప్రయాణం. పదకొండు సీట్లు ఖాళీగా ఉన్నా సారు వెనక్కెళ్లి ట్రైనీ అమ్మాయి పక్కనే కూర్చున్నాడు. ఆ అమ్మాయి కిటికీ వైపు జరిగింది. సారు కూడా జరిగాడు. ఇందుకూరుపేట వచ్చేసరికి ఆ పిల్ల ముఖం అద్దానికి అతుక్కుని ఉంది. ముందు సీట్లవాళ్లంతా ఒక్కసారిగా నిద్రపోయారు.

గేటు సిద్ధాంతం ప్రకారం ఇక్కడ ఏమీ జరగలేదు. గేటు పాతిక కిలోమీటర్ల దూరంలో ఉంది కదా. కానీ పార్లమెంటు వాళ్లకు ఈ సూక్ష్మం అందలేదు. పనిచేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపుల్ని అరికట్టే 2013 నాటి చట్టంలో పని ప్రదేశం అంటే ఏమిటో చెబుతూ, ఉద్యోగం వల్ల గానీ ఉద్యోగంలో ఉండగా గానీ వెళ్లిన చోటల్లా అని రాసేశారు. అంతటితో ఆగారా? యజమాని ఏర్పాటు చేసిన బండిని కూడా కలిపారు. అంటే ఆ బస్సులో వెనక సీటు కూడా ఆఫీసే. నాలుగు గోడలూ ఏసీ ఉంటేనే ఆఫీసు అనుకునే మా సార్లకు ఇది పెద్ద అన్యాయం.

ఇక మెసేజ్‌లు. రాత్రి 11:40కి 'పడుకున్నావా?' జవాబు లేదు. 11:52కి 'బీచ్ ఫొటోలో బలే ఉన్నావు.' జవాబు లేదు. 11:58కి 'నీ కన్ఫర్మేషన్ ఫైలు నా టేబుల్ మీదే ఉందిలే.' మొదటిది మామూలు మనిషి రాశాడనే ఒప్పుకుందాం. మూడోది ఎవరు రాశారు? మామూలు మనిషి టేబుల్ మీద ట్రైనీల ఫైళ్లు ఉండవు. ఉద్యోగానికి మేలు చేస్తాననో, కీడు చేస్తాననో సూచనగా అన్నా చాలు, చట్టం దాన్నీ లెక్కలోకి తీసుకుంటుంది. వద్దని ఆమె నోరు తెరిచి చెప్పలేదు కదా అని సారు వాదన. మూడు మెసేజ్‌లకు జవాబివ్వకపోవడం కూడా ఒక జవాబేనని ఆయనకు ఎవరూ చెప్పలేదు. (పగలు ఇదే సారు, మెయిల్‌కు పది నిమిషాల్లో జవాబు రాకపోతే 'ఇంట్రెస్ట్ లేదా' అని అడుగుతాడు.)

ఇలాంటివి మార్చి 21 దాకా వచ్చాయి. జూన్ 2న ఆ అమ్మాయి అంతర్గత కమిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చింది. పదిమందీ అంతకు మించీ పనిచేసే చోట ఆ కమిటీ ఉండి తీరాలి. తక్కువ మంది ఉంటే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లాలి. సారు వెంటనే క్యాలెండర్ తీశాడు. మూడు నెలల్లోపు ఫిర్యాదు చేయాలి, ఔటింగ్ ఫిబ్రవరి 8, గడువు మే 8తో సరి! లెక్క బాగుంది గానీ, వరసగా జరిగినప్పుడు చివరి సంఘటన నుంచి లెక్కపెట్టాలన్న ముక్క ఆయన చదవలేదు. గడువు జూన్ 21 దాకా ఉంది. అదీ దాటినా, కారణం సరైనదైతే కమిటీ దాన్ని రాసిపెట్టి ఇంకో మూడు నెలల వరకూ పొడిగించవచ్చు.

అయినా సారు తగ్గలేదు. 'అది ఆఫీసు కార్యక్రమం కాదు, ఫ్రెండ్స్ సరదాగా వెళ్లాం' అని సంతకం పెట్టి రాసిచ్చాడు. గేటు సిద్ధాంతానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం దొరకదని నేను సంబరపడ్డాను.

కమిటీలో బయటి సభ్యురాలొకావిడ ఉంది. సాక్షుల్నీ కాగితాల్నీ పిలిపించుకునే అధికారం కమిటీకి ఉంటుంది. ఆమె అకౌంట్స్ నుంచి ఒక వోచర్ తెప్పించింది. బస్సు, భోజనాలు, 'ఇతరములు' కలిపి 31,600 రూపాయలు. ఖాతా: స్టాఫ్ వెల్ఫేర్. మంజూరు చేసిన సంతకం సారుదే.

'ఫ్రెండ్స్ సరదాగా వెళ్లారన్నారు కదా సార్, ఈ డబ్బు మీ జీతంలో పట్టుకోమని రాయమంటారా?' అని ఆమె మెల్లగా అడిగింది.

'అదెట్టా మేడమ్! అది ఆఫీసు ఔటింగ్ గదా!' అన్నాడు సారు.

ఆమె పెన్ను తీసి ఆ మాట అట్లాగే రాసుకుంది.