కప్పు మీద నికా

ఆత్మకూరు బస్టాండు దగ్గర ఆ ఫ్లెక్సీ కట్టిన సాయంత్రమే హోటల్ ఓనరు గారి ఫోను మోగడం మొదలుపెట్టింది. మొదటి ఫోను కోటమిట్ట నుంచి. "నికా ఎవరిదండీ? తేదీ వెయ్యలేదే?" అని ఒక పెద్దాయన చాలా మర్యాదగా అడిగారు. రెండో ఆయన ఇంకాస్త ముందుకెళ్లి బిర్యానీ ఎంతమందికి చేయిస్తున్నారో కనుక్కున్నారు. మూడో ఫోను వచ్చాక ఓనరు గారు స్కూటరేసుకుని వెళ్లి, రోడ్డుకు అవతల నిలబడి తన ఫ్లెక్సీని తానే చదువుకున్నారు. పది అడుగుల ఫ్లెక్సీ నిండా తెల్లటి కప్పు. కప్పు నడుమ, కడిగిన ముత్యాల్లాగా, "ని కా". దానికి అటూ ఇటూ బంగారు రంగు పొగ.

అసలు కప్పు మీద ఉన్నది "కమ్మని కాఫీ". వెంట్రుకవాసి గీతలతో రాయించిన బంగారు రంగు అక్షరాలు. ముందున్న "కమ్మ", చివరున్న "ఫీ" పొగలో కలిసిపోయాయి.

ఆ ఫొటో తీసింది ఓనరు గారి అల్లుడు. బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పండక్కి అత్తారింటికి వచ్చాడు, వస్తూ వస్తూ కొత్త కెమెరా తెచ్చుకున్నాడు. మన వైపు అల్లుడు తీసిన ఫొటోలో తప్పుందని అనే ధైర్యం మామకు ఉండదు. అందుకని ఓనరు గారు పెళ్లి ఫొటోలు తీసుకునే నన్ను పిలిపించారు. "అబ్బాయా, మా అల్లుడు బాగానే తీసినాడు. కప్పే సరిగా రాలా. నువ్వొకసారి చూడు" అన్నారు. తప్పు కప్పు మీదకు పోయింది కాబట్టి ఇంట్లో ప్రశాంతంగా ఉంది.

అల్లుడు గారు నాకు వివరంగా చెప్పారు. 50 ఎం.ఎం. లెన్సు, ఎఫ్ 1.8, వైడ్ ఓపెన్. వెనకాల అంతా వెన్నలా కరిగిపోవాలని కోరిక. లెన్సు మామూలుగా అంత దగ్గరికి ఫోకస్ కాదు కాబట్టి కెమెరాకూ లెన్సుకూ మధ్య ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ పెట్టి, కప్పు ఫ్రేములో ముప్పావు వంతు నిండేదాకా దగ్గరికి జరిగారట. "నేను చూసినప్పుడు షార్ప్‌గానే ఉంది అన్నా" అన్నాడు. నిజమే, కెమెరా వెనకున్న మూడంగుళాల స్క్రీన్ మీద మా ఊళ్లో ఏ పెళ్లికూతురైనా షార్ప్‌గానే కనిపిస్తుంది. అదే ఫొటోను స్క్రీన్ మీద నూరు శాతానికి పెద్దది చేసి, కప్పు అంచు నుంచి అంచు దాకా మెల్లగా జరుపుతూ చూస్తే అసలు సంగతి అప్పుడే బయటపడేది.

నేను జేబులోంచి స్కేలు తీశాను. కప్పు అడ్డంగా 8 సెంటీమీటర్లు. పేరు ఎదురుగా చూస్తే 6 సెంటీమీటర్ల వెడల్పు. కప్పు గుండ్రం కదా, పేరు కూడా దాంతోపాటే వెనక్కి వంగుతుంది. కెమెరాకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది "ని". మొదట్లో ఉన్న "క", చివరున్న "ఫీ" దానికంటే 13, 14 మిల్లీమీటర్లు వెనకున్నాయి. అల్లుడు గారు పెట్టిన దూరంలో, ఎఫ్ 1.8 దగ్గర, షార్ప్‌గా వచ్చే లోతు మొత్తం ఒక మిల్లీమీటరు పైచిలుకు. ఆ మిల్లీమీటరులో పట్టినంత మేర పట్టింది, మిగతాది పొగైంది. లెన్సు తప్పు లేదు, ఫోకస్ తప్పు కూడా లేదు. ఫోకస్ చాలా నిజాయితీగా "ని కా" మీదే ఉంది.

"అయితే ఆ నెంబరు పెంచరాదా?" అన్నారు ఓనరు గారు. "1.8 అంటే మరీ లోకువగా ఉంది. నేనేం పిసినారిని కాదబ్బాయా. ఎంతదాకా ఉందో అంతా పెట్టు." లెన్సు మీద 22 దాకా ఉందని అల్లుడు చూపించాడు. "ఇంకేం! 22 పెట్టు" అని ఆర్డరేసి, కాఫీ మాస్టరుకు కొత్త కాఫీ చెప్పారు.

అన్నా, ఇది పెంచితే కంత చిన్నదవుతుందని నేను చెప్పబోయాను. 50ని 1.8తో భాగిస్తే 28 మిల్లీమీటర్ల కంత, 22తో భాగిస్తే రెండు మిల్లీమీటర్ల పైచిలుకు కంత, అంతే లెక్క. ఆయన ఒక నిమిషం ఆలోచించి, "ఓహో, మా నాయన పొలం మాదిరి. ఇద్దరికి పంచితే ఎకరాల్లో వచ్చేది, ఆరుగురం పుట్టేసరికి సెంట్లల్లో వచ్చింది" అన్నారు. ఇరవై ఏళ్లుగా కుర్రాళ్లకు ఫొటోగ్రఫీ నేర్పుతున్నాను, అంత చక్కగా నేనెప్పుడూ చెప్పలేకపోయాను. అర్థమైంది కాబట్టి వదిలేస్తారనుకుంటే, "అయినా సరే, ఒకసారి 22 పెట్టి చూపించు" అన్నారు.

చూపించాను. ట్యూబ్ తీసేసి, ఓ అడుగు వెనక్కి జరిగి తీస్తే పేరంతా వచ్చింది. పేరుతోపాటు కప్పు వెనకున్న హోటలంతా వచ్చింది. చేతులు కడుక్కునే సింకు, సింకు దగ్గర పుక్కిలిస్తున్న పెద్దమనిషి, "ఇచ్చట అప్పు అడగరాదు" బోర్డు, దోసె పిండి బకెట్ మీద తడిగుడ్డ, అన్నీ విడివిడిగా లెక్కపెట్టుకోవచ్చు. పైగా ఎఫ్ 5.6 నుంచి 22కి పోతే వెలుగు పదహారో వంతుకు పడిపోతుంది. సెకనులో అరవయ్యో వంతులో అయ్యే ఫొటోకు పావు సెకను పైనే పట్టింది. ఆ పావు సెకనులో కప్పు మీద ఆవిరి కదిలిపోయి, ఎవరో చాక్‌పీసుతో గీసి చెరిపేసినట్టు వచ్చింది. అంత చిన్న కంతలోంచి వచ్చిన వెలుగు చెదిరి, అక్షరాల అంచులు కూడా కొద్దిగా మెత్తబడ్డాయి. అంత పెద్ద నెంబరు పెట్టినా కత్తిలాంటి గీత రాలేదని ఓనరు గారు నొచ్చుకున్నారు.

ఈలోగా నురగ చచ్చిపోయింది. ఫిల్టర్ కాఫీ మీద నురగ ఫొటోగ్రాఫర్ కోసం కాసుకుని కూర్చోదు. ముందు అంచుల దగ్గర బుడగలు పగిలి గోధుమరంగు చార పడుతుంది, తర్వాత మధ్యలో గుంట పడుతుంది, ఆ తర్వాత దాన్ని కాఫీ అనడం కష్టం. అందుకని లెక్కలన్నీ చల్లారిన కప్పు మీదే చూసుకుని, క్లిక్ కొట్టే ముందు మాత్రం తాజా కాఫీ తెప్పించాలి. ఓనరు గారు ఇది ఒప్పుకోలేదు. ప్రతి క్లిక్కుకూ కొత్త కాఫీయే కావాలన్నారు, పాతది పారబోయడానికి మనసొప్పక అల్లుడి చేత తాగించారు. మధ్యాహ్నానికి అల్లుడి చేతులు ఎంత వణుకుతున్నాయంటే, ఆయన చేతికి కెమెరా ఇవ్వాల్సిన అవసరం లేకుండా పోయింది.

నేను చేసింది పెద్ద విద్యేం కాదు. 100 ఎం.ఎం. మాక్రో లెన్సు వేసి, స్టాండు మీద కెమెరా పెట్టి, కప్పు ఫ్రేములో మూడో వంతుకు వచ్చేదాకా వెనక్కి జరిగాను. ఫోను నెంబరుకూ ధరకూ ఖాళీ కావాలి కాబట్టి కప్పు అంతే ఉంటే చాలు. ఆ సైజులో ఎఫ్ 4 పెడితే షార్ప్‌గా ఉండే లోతు సుమారు 12 మిల్లీమీటర్లు, పేరుకు కొద్దిగా చాలదు. ఎఫ్ 5.6 పెడితే 17. పేరు మొత్తం అందులో ఇమిడిపోతుంది.

"100 పెడితే ఇంకా తగ్గిపోదా?" అని అల్లుడు చేతులు వణికిస్తూనే మంచి ప్రశ్న వేశాడు. తగ్గదు. ఫ్రేములో కప్పు సైజు ఒకటే ఉండి, ఎఫ్ నెంబరూ ఒకటే అయితే, ఇంత దగ్గరి ఫొటోల్లో 50 అయినా 100 అయినా కప్పు మీద షార్ప్‌గా వచ్చే లోతు దాదాపు ఒకటే. మారేది వెనకది. 100తో వెనకున్న గోడ చాలా తక్కువ ముక్కే ఫ్రేములోకి వస్తుంది, ఆ ముక్కే పెద్దదై మసకబారుతుంది. ఆయన కోరుకున్న వెన్న ఎఫ్ 1.8లో లేదు, గోడకూ కప్పుకూ మధ్య ఖాళీలో ఉంది. టేబులు గోడకు అడుగు దూరంలో ఉంటే సింకు సింకులాగే కనిపించింది. ఆరున్నర అడుగులకు లాగితే మసక రెండున్నర రెట్లు పెరిగి, సింకు కాస్తా ఏదో తెల్లటి ముద్ద అయింది. పుక్కిలించే పెద్దమనిషి లేత నీలం మచ్చగా మిగిలాడు. టేబులు లాగడానికి పైసా ఖర్చు లేదని తెలిసి ఓనరు గారు ఎంతో సంతోషించారు.

ఫోకస్ మాత్రం ఈసారి "ని" మీద పెట్టలేదు. ఇంత దగ్గరలో షార్ప్ లోతు ఫోకస్‌కు ముందు సగం, వెనక సగం పంచుకుంటుంది. "ని" మీద పెడితే ముందు సగం గాలి పాలు. అందుకే పక్కకు జరిగి, కాస్త వెనక్కున్న "మ్మ" మీద పెట్టాను. ఇంకో సంగతి, క్లిక్ కొట్టేదాకా లెన్సు కంత పూర్తిగా తెరుచుకునే ఉంటుంది, వ్యూఫైండర్‌లో కనిపించేది 5.6 కాదు. లెన్సు పక్కన ప్రివ్యూ బటన్ నొక్కితే చీకటిపడుతుంది గానీ, నిజంగా ఏమొస్తుందో అప్పుడు కనిపిస్తుంది. అది నొక్కి, "క" నుంచి "ఫీ" దాకా చూసుకుని, అప్పుడు మాస్టరును కేకేశాను. వేడి కాఫీ వచ్చింది, పక్క కిటికీలోంచి వచ్చిన వెలుగులో ఆవిరి లేచింది, కొట్టేశాను.

కంప్యూటర్‌లో నూరు శాతానికి పెద్దది చేసి చూపిస్తే ఓనరు గారు అక్షరం అక్షరం చదువుకున్నారు. క, మ్మ, ని, కా, ఫీ. మళ్లీ ఇంకోసారి చదువుకున్నారు. తర్వాత వెనక్కి చూసి మొహం ముడుచుకున్నారు.

"అది మా నాయన గదా?"

సింకు పైన, దండేసి ఉన్న ఫొటో. హోటలు పెట్టిన మనిషి. ఇప్పుడు గంధం రంగు మచ్చ.

"సింకు మసకెయ్యి, వద్దన్లా. నాయన్ని ఎందుకు మసకేసినావు?"

ఇద్దరూ ఒకే గోడ మీద ఉన్నారన్నా అన్నాను. నాయన గారు స్పష్టంగా రావాలంటే కప్పు పక్కకు వచ్చి ఆ 17 మిల్లీమీటర్లలో సర్దుకోవాలి. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే కప్పు మీదే వేయిస్తా" అన్నారు.

వారం తిరక్కుండానే వేయించారు. ఫొటో పెద్దదిగా ఉండాలని కప్పు చుట్టూ 14 సెంటీమీటర్లు పరిపించారు. 8 సెంటీమీటర్ల కప్పులో ఎటు నుంచి చూసినా కంటికి కనిపించే సగం చుట్టు పన్నెండున్నరే. ముక్కు, మీసం బ్రహ్మాండంగా వచ్చాయి, చెవులు రెండూ కప్పు వెనక్కి వెళ్లిపోయాయి. ఏ లెన్సూ కప్పు వెనక్కి చూడదని నేను చెప్పబోతుంటే, ఆయన నా భుజం తట్టారు.

"టెన్షన్ పడబాకయ్యా. దీనికి మాత్రం 22 పెట్టు."