మట్టి వాసన అని రాశారు

మా షాపు ముందు యూరియా కోసం వరసలో నిలబడి తిట్టుకున్నవాళ్లను చూశాను గానీ, సేంద్రియ ఎరువు కోసం నిలబడినవాణ్ణి ఇంతవరకు చూడలేదు. అందుకే ఓ సేంద్రియ ఎరువుల కంపెనీ కుర్రాడు వచ్చి, "సార్, మీరే ఒక చిన్న వీడియో చెయ్యండి, బుచ్చిరెడ్డిపాళెం చుట్టుపక్కల ఊళ్లన్నీ మీ షాపు ముందే ఉంటాయి" అంటే మెత్తబడిపోయాను. ఓ ఫారం చేతికిచ్చాడు, లైసెన్సులో ఎక్కించుకోమన్నాడు, సంచులు దించాడు, స్క్రిప్టు వాట్సాప్‌లో పంపాడు, మోటార్‌సైకిలెక్కి వెళ్లిపోయాడు. వీడియో నిన్న తీశాం. ఇవాళ షట్టరు సగమే ఎత్తి లోపల కూర్చున్నాను.

స్క్రిప్టు ఇలా మొదలవుతుంది: "ప్రియమైన అన్నదాతలారా! నేలతల్లి పిలుస్తోంది!" ఆ మాట అన్నప్పుడు చెయ్యి చెవి దగ్గర పెట్టుకోవాలట. అదీ రాశారు. నా జన్మలో కస్టమర్ని "అన్నదాతా" అని పిలవలేదు. "ఏం మామా, పోయినసారి బాకీ సంగతేంది" అని పిలుస్తాను. అయినా సరే అనుకున్నాను. మా బావమరిది కొడుకు ఫోన్‌ని తూకం మిషను మీద నిలబెట్టి, నా చొక్కాకి మైకు తగిలించాడు. పైన కిటికీలోంచి మా ఆవిడ. బెంచీ మీద, జింకు సల్ఫేటు కోసం వచ్చి పని మర్చిపోయిన ఒక పెద్దాయన. చెవి దగ్గర చెయ్యి, నేలతల్లి, అన్నదాత అన్నీ అయిపోయాయి. ఇక అసలు ఘట్టం.

స్క్రిప్టులో ఆ ఘట్టం ఇలా ఉంది: సంచి విప్పాలి, పిడికెడు ఎరువు తియ్యాలి, ముక్కు దగ్గర పెట్టుకోవాలి, కళ్లు మూసుకోవాలి, దీర్ఘంగా ఊపిరి పీల్చాలి. ముఖంలో తృప్తి కనిపించాలి. తర్వాత "ఆహా, తొలకరి వానకు తడిసిన మట్టి వాసన!" అనాలి.

నేను సంచిలో చెయ్యి పెట్టాను. వెచ్చగా తగిలింది.

ఇన్నేళ్లు ఎరువుల షాపు నడిపినవాడికి ఆ వెచ్చదనం ఏమిటో తెలియకుండా ఉండదు. పూర్తిగా మాగిన ఎరువు చేతికి చల్లగా తగులుతుంది. సంచి మధ్యలో బయటికంటే వేడిగా ఉందంటే, లోపల సూక్ష్మజీవుల పని ఇంకా అయిపోలేదని అర్థం. నా చెయ్యి ఆ విషయం చెప్పింది. కానీ నా కళ్ల ముందు కెమెరా ఉంది, కెమెరా వెనక బావమరిది కొడుకు బొటనవేలు పైకెత్తి నిలబడి ఉన్నాడు, స్క్రిప్టులో దీర్ఘంగా అని రాసి ఉంది. దీర్ఘంగా పీల్చాను.

తెల్లవారుజామున కోళ్ల ఫారం తలుపు తీసి లోపలికి తల పెట్టినవాళ్లకు నేనేం పీల్చానో వివరించక్కర్లేదు. అమ్మోనియా అది. కోళ్ల పెంటలో నత్రజని ఎక్కువ. దానికి సరిపడా ఎండుగడ్డి, చెత్త, పొట్టు లాంటివి కలపకుండా, నెలల తరబడి మాగనివ్వకుండా సంచికెత్తితే, ఆ నత్రజని గాలిలోకి ఎగిరిపోతూనే ఉంటుంది. సంచి మీద నత్రజని 1 శాతం అని అచ్చేశారు. అందులో కొంత నిన్న సాయంత్రం నా ముక్కులోకి పోయింది. మిగిలింది ఎంతో ల్యాబువాళ్లు చెప్పాలి.

ఇప్పుడు నా పరిస్థితి ఆలోచించండి. కళ్లు మూసుకుని ఉన్నాను కాబట్టి ముందు ఎవరికీ ఏమీ తెలియలేదు. ముఖంలో తృప్తి కనిపించాలి కాబట్టి నవ్వు కదలకుండా పట్టుకున్నాను. ఊపిరి వదిలితే దగ్గొస్తుంది, పీలిస్తే ప్రాణం పోతుంది. అందుకని రెండూ చెయ్యకుండా నవ్వుతూ నిలబడ్డాను. మూసిన రెప్పల కిందనుంచి నీళ్లు జారడం మొదలైంది. మొదట ఎడమ కంటి నుంచి, తర్వాత రెండింటి నుంచి. బావమరిది కొడుకు గుసగుసగా, "సూపర్ మామయ్యా, ఆపొద్దు, చాలా నేచురల్‌గా ఉంది" అన్నాడు. వీడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఎదురుగా మనిషి ఊపిరాడక పోతున్నాడో, భావావేశంలో ఉన్నాడో తెలుసుకునే సబ్జెక్టు అందులో లేదనుకుంటాను. పైనుంచి మా ఆవిడ, "ఏందండీ, ఏడుస్తున్నారా?" అని అడిగింది. అదీ రికార్డయింది. నేను డైలాగు చెప్పాలి కదా. "ఆహా..." అన్నాను. గొంతు జీరబోయింది. "తొలకరి..." దగ్గర ఆగిపోయింది. "వానకు తడిసిన..." అన్నది ఏడుపులో కలిసిపోయింది. "మట్టి" అనేసరికి ఎక్కిళ్లొచ్చాయి. పిడికిట్లో ఎరువుని మాత్రం కింద పడెయ్యలేదు, గుండెకు హత్తుకున్నాను. అదెందుకు చేశానో నాకూ తెలియదు. చేతులు వాటంతటవి చేశాయి. చొక్కా మీద ఆ మరక ఇంకా పోలేదు.

బెంచీ మీద పెద్దాయన అప్పటిదాకా మౌనంగా ఉన్నాడు. కళ్లు కడుక్కుని వచ్చి, "ఎకరాకు ఒక్క సంచి చాలు, ఇక యూరియాకు సెలవు!" అనే ఆఖరి ముక్క నేను చదవగానే లేచాడు.

"అబ్బయ్యా, యూరియాలో నత్రజని ఎంత?"

"46 శాతం."

"బస్తా 45 కిలోలు. అంటే?"

"20 కిలోల 700 గ్రాములు."

"నీ సంచి యాభై కిలోలు, ఒక్క శాతం. అంటే?"

"అర కిలో."

"నీ ఎరువుతో ఒక్క యూరియా బస్తా లెక్క తేల్చాలంటే ఎన్ని సంచులెయ్యాలి?"

అది 41 దాటుతుంది. రెండు టన్నుల పైమాట. షాపువాణ్ణి కదా, ఆ లెక్క నోటికే వస్తుంది. కానీ కాలరుకి మైకుంది, చెప్పలేదు. ఆయనే చెప్పాడు. "నేను ఎకరాకి రెండు బస్తాల పైనే యూరియా చల్లుతాను. నాలుగు టన్నులు చేలోకి తోలే కూలి నువ్విస్తావా, ఆ కాగితం రాసినోడు ఇస్తాడా?"

ఆయన లెక్కలో ఒక దయ కూడా ఉంది. ఆ అర కిలో అంతా ఈ పంటకే అందుతుందని అనుకున్నాడు. అలా అందదు. సేంద్రియ ఎరువులో నత్రజని కుళ్లుతూ కొంచెం కొంచెంగా వదులుతుంది, ఈ పంటకు కొంత, తర్వాతి పంటకు కొంత. నిజానికి సేంద్రియ ఎరువు వేసేది నత్రజని కోసం కాదు. నేలలో సేంద్రియ కర్బనం పెరగడానికి, ఇసుక నేల నీటిని కాస్త ఎక్కువసేపు పట్టుకోవడానికి, వేసిన యూరియా నీళ్లతో పాటు కొట్టుకుపోకుండా ఉండడానికి వేస్తాం. పొదలకూరు వైపు నిమ్మతోటల వాళ్లు పాదుల్లో పశువుల ఎరువు వేసేది అందుకే. వాళ్లలో ఎవరూ యూరియాకు సెలవిచ్చామని ప్రకటించలేదు. ఈ మాటలే పెద్దాయనతో అన్నాను. "అదే చెప్పరాదా కెమెరాకి?" అన్నాడు. కాగితంలో లేదన్నాను.

రాత్రి కంపెనీ కుర్రాడికి ఫోన్ చేసి వాసన సంగతి చెబితే, "ఎండల్లో అలాగే ఉంటుంది సార్, విప్పి రెండు రోజులు ఆరబెట్టండి, పోతుంది" అన్నాడు. ఇక్కడే నాకు మండింది. ఆరబెడితే వాసన పోయే మాట నిజమే. తడి లేక సూక్ష్మజీవులు నిద్రపోతాయి గానీ ఎరువు మాగదు. చేలో నీళ్లు తగలగానే మళ్లీ లేస్తాయి. అప్పుడు అది నారు వేర్ల పక్కన ఉంటే వేర్లు మాడతాయి. మాగని ఎండుగడ్డీ పొట్టూ ఎక్కువున్న ఎరువైతే ఇంకో తమాషా. అది కుళ్లడానికి కావలసిన నత్రజనిని నేలలోంచే లాక్కుంటుంది, పైరు పసుపుపచ్చగా తిరుగుతుంది. రైతు నా షాపుకొచ్చి, "పైరు తేలిపోయింది, ఒక బస్తా యూరియా ఎక్కువ వెయ్యి" అంటాడు. అలా ఉంటుంది యూరియాకు సెలవు. నిజంగా మాగించాలంటే నీడలో కుప్పపోసి, పిండితే చుక్క కారకుండా ముద్ద కట్టేంత తడి ఉంచి, అప్పుడప్పుడు తిరగేస్తూ, తిరగేసినా మళ్లీ వేడెక్కని దాకా ఆగాలి. ఇవన్నీ కంపెనీ పెరట్లో జరగాల్సిన పనులు. నా షాపు వెనక ఉన్నది ఎరువు మాగబెట్టే మైదానం కాదు, మా ఆవిడ వడియాలు పెట్టుకునే రేకుల గది.

అయినా పిడికెడు తీసి, తడిపి, పాలిథిన్ కవర్లో పోసి మూతి కట్టి గల్లాపెట్టె పక్కన పెట్టాను. నాలుగైదు రోజుల తర్వాత విప్పి చూస్తే మట్టి వాసన రావాలి. అమ్మోనియా గానీ కంపు గానీ వస్తే అది ఇంకా ఎరువు కానట్టే. ఇంత చిన్న పరీక్ష ఆ స్క్రిప్టు రాసినవాడు ఎప్పుడైనా చేశాడా? వాడు సంచి కూడా చూసి ఉండడు.

ఇంతలో జరగాల్సింది జరిగిపోయింది. పెద్దాయన లెక్క మొత్తం కత్తిరించేసి, ఏడుపు మాత్రం ఉంచి, కింద వీణ వాయించి, బావమరిది కొడుకు వీడియో రాత్రే గ్రూపుల్లో పెట్టేశాడు. "రైతంటే ఇంత ప్రేమా అన్నా" అని ఒకరు. "కన్నీళ్లు ఆగలేదు" అని ఇంకొకరు. ఆగకపోవడం నాకూ తెలుసు. మా చిన్నాయన కావలి నుంచి ఫోన్ చేసి, అప్పులేమైనా ఉంటే చెప్పమన్నాడు.

ఇందాక కంపెనీ కుర్రాడు మళ్లీ ఫోన్ చేశాడు. రెస్పాన్స్ అదిరిందట, పైవాళ్లు చాలా సంతోషించారట, పెద్ద లోడు బయల్దేరిందట, లారీ ఒంగోలు దాటిందట. ఎవరడిగారయ్యా అంటే లైను కట్టయింది. హమాలీల మేస్త్రీకి చెబుదామని ఫోన్ చేస్తే, ఆయన అప్పటికే వీడియో చూశాడు. ముక్కులకు గుడ్డలు కట్టుకుని వస్తారట, బస్తాకి రెండు రూపాయలు ఎక్కువివ్వాలట.