‘ఈ’ అమ్మాయా, ‘ఆ’ అమ్మాయా? పంజాబీ లిపి మార్పిడిలో జారిపోయేది ఇదే

పంజాబీని పాకిస్తాన్‌లో షాముఖి లిపిలో, మన దేశంలో గురుముఖి లిపిలో రాస్తారు. ఆ భాషలో ఐదు మాటల చిన్న వాక్యం ఒకటి చూద్దాం. లాహోర్‌లో అచ్చయ్యే షాముఖి పుస్తకంలో అది اس کڑی نوں پتا سی అని ఉంటుంది. దీన్ని అమృత్‌సర్ పాఠకుడి కోసం గురుముఖిలోకి మార్చాలి. మొదటి మాటను ‘ఇస్’ అనీ చదవవచ్చు, ‘ఉస్’ అనీ చదవవచ్చు. ఒకటి ‘ఈ’, రెండోది ‘ఆ’. రెండో మాట ‘కుడీ’ అయితే అమ్మాయి, ‘కడీ’ అయితే గొలుసులోని లంకె. నాలుగోది ‘పతా’ అయితే ఎరుక, ‘పత్తా’ అయితే ఆకు, ‘పితా’ అయితే తండ్రి. చివరి మూడు మాటలూ కలిసి ‘తెలుసు’ అనే నుడికారం కనుక నాలుగోది ‘పతా’ అని తేలిపోతుంది. గొలుసు లంకెకు ఏమీ తెలిసే అవకాశం లేదు కనుక రెండోది అమ్మాయే. మిగిలింది మొదటి మాట. తెలిసింది ఈ అమ్మాయికా, ఆ అమ్మాయికా? వాక్యాన్ని ఎన్నిసార్లు చదివినా సమాధానం దొరకదు. ਇਸ అనో ਉਸ అనో రాసి తీరాలి. రెంటిలో ఏదో ఒకటిలే అని వదిలేసే అక్షరం గురుముఖిలో లేదు.

మార్పిడి పరికరాల గురించి జరిగే చర్చ ఈ చిక్కును తప్పుల శాతంగా కుదించి చూస్తోంది. నా అభిప్రాయంలో ఇది శాతాల వ్యవహారం కానే కాదు. షాముఖి పారసీక లిపి సంప్రదాయం నుంచి వచ్చింది. హ్రస్వాచ్చులకు జబర్, జేర్, పేష్ అనే గుర్తులు, ద్విత్వానికి షద్ద అనే గుర్తు దానిలో ఉన్నాయి గాని, మామూలు ముద్రణలో వాటిని వేయరు. భాష తెలిసిన పాఠకుడు వాటిని తనంతట తాను నింపుకుంటాడు. మరీ అనుమానం వచ్చే చోట రచయితే ఒక పేష్ తగిలిస్తాడు. గురుముఖిలో అచ్చు గుణింతంగా అక్షరాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది, ద్విత్వానికి అద్దక్ ఉంది. అందుచేత షాముఖి నుంచి గురుముఖికి మార్చేవాడు, ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, మూలంలో లేనిదాన్ని చేర్చే సంపాదకుడు అవుతున్నాడు.

ఇదంతా దాదాపు పరిష్కారమైపోయిందనే వాదం ఉంది, దానిలో కొంత నిజమూ ఉంది. ఎం. జి. అబ్బాస్ మలిక్ 2006లోనే నియమాల ఆధారంగా షాముఖిని గురుముఖిలోకి మార్చే పద్ధతిని ప్రచురించారు. ఆ తర్వాత పటియాలాలోని పంజాబీ విశ్వవిద్యాలయంలో గుర్‌ప్రీత్ సింగ్ లేహల్ బృందం నిఘంటువులనూ, ఏ మాట పక్కన ఏ మాట ఎక్కువగా వస్తుందనే లెక్కలనూ జోడించి దాన్ని చాలా ముందుకు తీసుకువెళ్లింది. వార్తా కథనం చదువుకోవడానికి ఈ పనితనం సరిపోతుంది. అయితే ఆ లెక్కలు గెలిపించేది ఎక్కువసార్లు కనిపించే మాటను; అరుదైన ఇంటిపేరు, పాత పద్యంలోని మాట, ‘ఈ–ఆ’ తేడా ఓడిపోయే పక్షంలోనే ఉంటాయి.

ఎదురు దిశలో నష్టం ఇంతకంటే లోతైనది. గురుముఖిలో ‘స’ ధ్వనికి ఒకటే అక్షరం, ਸ. షాముఖిలో అదే ధ్వనికి మూడున్నాయి: س, ص, ث. తెలుగులో లేని ‘z’ ధ్వనికి గురుముఖిలో ਜ కింద చుక్క పెడితే చాలు. షాముఖిలో దానికి ز, ذ, ض, ظ అని నాలుగు. పలుకుబడిలో వీటి మధ్య పంజాబీకి తేడా లేదు, ఉన్న తేడా మాట పుట్టుకలో. ਨਜ਼ਰ అని గురుముఖిలో ఉంటే అది చూపు కావచ్చు, అప్పుడు نظر అని రాయాలి. కానుక, మొక్కుబడి కావచ్చు, అప్పుడు نذر అని రాయాలి. తెలుగువారికి ఈ రెండో మాట కొత్తేమీ కాదు, మనం వాడే ‘నజరానా’ దానిలోనుంచి వచ్చిందే; మన జకారం కూడా ఆ తేడాను ఏనాడో మింగేసింది. ‘నజర్’ విషయంలో సందర్భం కొంత ఆదుకుంటుంది. ਨਜ਼ੀਰ అనే మనిషి పేరు వస్తే ఏం చేయాలి? نذیر అనీ نظیر అనీ రెండు వేర్వేరు పేర్లున్నాయి. ఏది ఎవరిదో నిఘంటువుకు తెలియదు, ఆ మనిషికి, వాళ్ల ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది. ఇక టైపు చేసేవారు చుక్కను వదిలేస్తే ਨਜਰ కాస్తా نجر అయి కూర్చుంటుంది, అది ఏ మాటా కాదు. నిజానికి ఈ తప్పే నయం, చూడగానే దొరికిపోతుంది.

దొరకని తప్పు ఎలా దాక్కుంటుందో చెప్పాలి. మార్చినదాన్ని తిరిగి మొదటి లిపిలోకి మార్చి, మూలంతో సరిపోలితే పాస్ అనుకోవడం చాలామంది చేసే పరీక్ష. ఓర్పు అనే అర్థమున్న ਸਬਰ తీసుకోండి. పరికరం దాన్ని سبر అని మార్చిందనుకుందాం. సరైన రాత صبر. ఆ తప్పు రాతను వెనక్కి మారిస్తే ਸਬਰ మళ్లీ చక్కగా వచ్చేస్తుంది. పరీక్ష పాసైంది, లాహోర్ పాఠకుడి కంట్లో మాత్రం నలుసు పడింది. గురుముఖి నుంచి బయల్దేరి గురుముఖికే చేరే పరీక్ష ఈ జాతి తప్పును ఎప్పటికీ పట్టుకోలేదు.

ఇప్పుడు అసలు వినోదం చూడండి. గుర్రం అనే మాట గురుముఖిలో ਘੋੜਾ, షాముఖిలో گھوڑا. రెండు లిపుల్లోనూ మొదటి హల్లు ‘ఘ’. కాని పంజాబీలు ఆ మాటను ఘకారంతో పలకరు. ‘క’ వంటి ధ్వనితో, స్వరాన్ని కిందికి దించి పలుకుతారు. పలుకుబడిలో ఘకారం తప్పుకుని స్వరభేదంగా మిగిలింది, రాత మాత్రం పాతదే నిలిచింది. ఆ హల్లు మార్పిడిలో చుక్క తేడా లేకుండా అటూ ఇటూ వెళ్లివస్తుంది. అంటే రెండు లిపులూ ఒకే చరిత్రను రాసిన చోట మార్పిడి నల్లేరు మీద నడక. ఒకటి ధ్వనిని, మరొకటి చరిత్రను రాసిన చోట బోల్తా. ‘పలికినట్టే రాస్తాం’ అన్న గొప్ప మన తెలుగువారికే కాదు, గురుముఖి అభిమానులకూ ఉంది. ఆ గొప్పే షాముఖిని అసంపూర్ణ లిపిగా, మార్పిడిని దానికి చేసే మరమ్మతుగా చూపిస్తోంది. صبر‌లోని ص మరమ్మతు కావలసిన లోపం కాదు, గురుముఖి దాచుకోని సమాచారం.

అందుకే మార్చిన ప్రతిని మూలం స్థానంలో కూర్చోబెట్టే డిజిటల్ గ్రంథాలయాలతో నాకు పేచీ. మూల లిపి ప్రతిని పక్కనే ఉంచాలి, పరికరం ఊహించిన మాటలకు గుర్తు పెట్టాలి, اس దగ్గర ਇਸ, ਉਸ రెండూ చూపాలి. అలా చేయకపోతే దెబ్బ తగిలేది షాముఖి పుస్తకాలకే అనుకోవద్దు. సిక్కుల గురువాణిలో ਨਾਨਕੁ, ਨਾਨਕ, ਨਾਨਕਿ అని మూడు రూపాలు కనిపిస్తాయి. చివరి ఉకారం ఉంటే కర్త, ఏ గుర్తూ లేకపోతే తరచు సంబోధన, ఇకారం ఉంటే ‘నానక్ చేత’. ఈ చివరి అచ్చులను సాధారణంగా పలకరు. విభక్తి పని మాత్రం అవే చేస్తాయి. గుర్తులు వేయని షాముఖిలోకి రాగానే మూడూ نانک అయిపోతాయి. దాన్ని మళ్లీ గురుముఖిలోకి మార్చినప్పుడు మూడింటిలో ఏది వచ్చినా తెర మీద అది సరైన మాటలాగే కనబడుతుంది.