సెల్లు కథ

కూర్చోండ్రా పిల్లకాయలూ, ఇవాళ పాఠం లేదు. రాత్రి వార్షికోత్సవంలో మీరు మొదటిసారి బృందగానం పాడారు కదా, దానికి థాంక్స్ చెప్పాలి, ఒక తప్పు కూడా ఒప్పుకోవాలి. ముందు తప్పే చెప్తా, కడుపులో పెట్టుకుంటే మలైకాజా కూడా దిగేట్టు లేదు.

రెండో చరణంలో కరెంటు పోయింది గుర్తుందా? నెల్లూరులో కరెంటు పోవడం వింత కాదు గానీ, మన శృతి పెట్టె కూడా నోరు మూసుకుంది చూడండి, అది నా పుణ్యమే. అందులో ఆరు సెల్లులుంటే కరెంటు లేకపోయినా పలుకుతుంది. పోయిన నెల్లో ఆ గోడగడియారం ఆగిపోయిందని ఒకటి తీసి దానికి వేశా. ఆరింట్లో ఒక్కటి లేకపోయినా పెట్టె గుయ్యిమనదు. ఈ సంగతి నాకు స్టేజీ మీద, చీకట్లో, స్విచ్చి నాలుగుసార్లు నొక్కాక గుర్తొచ్చింది.

మీరు మాత్రం ఆపలేదు. మైకు లేదు, నా చెయ్యి కనపడదు, ఏం చేయాలో తోచక నేను హార్మోనియం మూత మీద తాళం కొడుతుంటే దాన్నే పట్టుకుని పాడారు. కాకపోతే ఐదు శృతిలో మొదలుపెట్టినవాళ్లు, జనరేటర్ వేసేసరికి నాలుగున్నరకి జారిపోయారు. మీ తప్పేం లేదులే, ఆధారం లేకపోతే పెద్ద పెద్దవాళ్ల గొంతులే జారతాయి. స్వరాలు దిగేటప్పుడు రవ్వంత ఎక్కువ దిగుతాం, ఎక్కేటప్పుడు రవ్వంత తక్కువ ఎక్కుతాం, పైగా అందరూ కలిసే జారతారు కాబట్టి ఎవరికీ తెలీదు.

తెలిసింది కరెంటు వచ్చాకే. పెట్టె ఐదులో గుయ్యిమంది, మీరేమో నాలుగున్నరలో ఉన్నారు. అంత దగ్గరి శృతులు రెండు కలిస్తే ఎట్లుంటుందో విన్నారుగా, చెవిలో ఈగ దూరినట్టు గిరగిరా కొట్టుకుంటాయి. ముందు వరస పైకి లాగింది, వెనక వరస మగపిల్లకాయలు మేం రామన్నారు, నాకు చెమటలు పట్టాయి. వెంటనే పెట్టె కట్టేసుంటే సరిపోయేది, మీరు నాలుగున్నరలోనే హాయిగా ముగించేవాళ్లు. ఆ టెన్షన్లో నాకు బుర్ర పనిచేస్తేనా!

ఏడో తరగతి అమ్మాయి, అదే, ఆ చివర తల వంచుకుని నవ్వుతోంది చూడండి, ఒక చెవి అరచేత్తో మూసుకుని, రెండో చెవి పెట్టె వైపు తిప్పి, షడ్జమం పట్టుకుని అక్కడే నిలబడింది. నేనిది మీకు ఎప్పుడూ నేర్పలేదు. రెండు ఆవర్తాలు తిరిగేసరికి పక్కవాళ్లు, ఆ పక్కవాళ్లు, ఆఖరికి వెనక వరస కూడా ఆమె దగ్గరికే చేరారు. అందుకే అమ్మా, నీకు రెండు మలైకాజాలు.

దిగి వస్తుంటే ముఖ్య అతిథిగారు నా చెయ్యి పట్టుకుని, "మధ్యలో ఆ రాగమాలిక అదిరిపోయింది మాస్టారూ, ఎన్ని నెలలు నేర్పారు?" అన్నారు. ఆరు వారాలండీ అన్నా. అబద్ధం కాదుగా, అడిగిన దానికి చెప్పా.

సరే, తలా ఒకటి తీసుకుని బయల్దేరండి. ఒరేయ్, టైమెంతని గడియారం వైపు చూడొద్దు, అది మళ్లీ ఆగిపోయింది.